కొసరు పాట

మా మాంగో పేట బజారులో నాకంటే గట్టిగా బేరమాడే మనిషి లేదు. ఇది నేను చెప్పుకునే మాట కాదు, కూరగాయల వాళ్ళు చెప్పే మాట. నన్ను దూరం నుంచి చూడగానే వంకాయల ధర పెంచేసి కూర్చుంటారు, ఎలాగూ దించుతానని. అలాంటి నేను జీవితంలో ఆడిన బేరాలన్నిట్లోకీ గొప్పది ఒకటుంది. ఒక ఆటో, దాని నెత్తిన రెండు మైకులు, మా అప్ప (అక్కని మేం అలాగే అంటాం) పేరు మీద కట్టించిన పాట. పొద్దుట నుంచి మధ్యాహ్నం దాకా మాంగో వీధుల్లో తిరగడానికి కిరాయి మాట్లాడుకున్నాం. అక్కడితో ఊరుకుంటే నేనెందుకు? ఆటో అతను అన్నానికి ఇంటికి వెళ్ళే దారిలో, మళ్ళీ వచ్చే దారిలో కూడా పాట మోగించుకుంటూ పోవాలని ఒప్పించాను. పైసా ఎక్కువ ఇవ్వలేదు. మొత్తం ఒక పేట, భుయ్యాడీహ్, నాకు ఊరికే వచ్చింది. కొసరు.

ఆ కొసరే మా అప్ప బతుకుతెరువుని తీసుకుపోయింది. కానీ బేరం మాత్రం బేరమే. ఇప్పటికీ ఎవరైనా అడిగితే ముందు ఆ బేరం సంగతే చెబుతాను, తరవాత మిగతాది.

మా వాళ్ళు శ్రీకాకుళం వైపు నుంచి ఈ హిందీ ఊరికి ఉక్కు కార్ఖానా పనికి వచ్చినవాళ్ళు. మా నాన్న మాత్రం కొలిమి వేడి పడక కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. నేను పప్పు బస్తాల మధ్య పెరిగాను. మా కొట్టులో తూకం అయ్యాక పొట్లంలో ఇంకో చిటికెడు వెయ్యాలి. వెయ్యకపోతే మనిషి కదలదు. ఆ చిటికెడు కోసమే మళ్ళీ వస్తారని నాన్న అనేవాడు. ఇవ్వడం ఆయన నేర్చుకున్నాడు, పుచ్చుకోవడం నేను నేర్చుకున్నాను.

ఆయన దగ్గర ఇంకో విద్య ఉండేది. కొత్త సబ్బు వస్తే దాన్ని అమ్మడానికి ప్రయత్నించేవాడు కాదు. తక్కెడ వెనక, జనం చూపు ఊరికే పడే చోట ఓ నాలుగు బిళ్ళలు పేర్చి ఊరుకునేవాడు. దాని ఊసెత్తేవాడు కాదు. "ఇదేటి నాన్నా, కొత్తది వచ్చిందని చెప్పవా?" అంటే, "చెప్తే ధరెంత అంతారు. ఊరుకుంటే కొన్నాళ్ళకి ఆళ్ళే అడుగుతారు. కళ్ళు అలవాటు పడనీ" అనేవాడు. నిజంగానే కొన్నాళ్ళకి ఎవరో వచ్చి, "ఆ మంచి సబ్బు ఇవ్వండి" అనేవారు. మంచిదని వాళ్ళకి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. వాడారా? లేదు. చూశారు, అంతే. చూసినట్టు కూడా వాళ్ళకి గుర్తుండేది కాదు.

నాన్న పోయాక కొట్టు నా చేతికొచ్చింది. ఆ తరవాత కొన్నాళ్ళకే మా బావ పోయాడు. గమ్హరియాలో ఒక చిన్న ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని. పర్మినెంటు కాదు గనక బావతో పాటే అంతా పోయింది. అప్పకి చేతిలో ఉన్న విద్య ఒక్కటే, కూర మసాలా. ధనియాలు వేయించడంలో ఆవిడకి ఓ పద్ధతి ఉంది. చెబుతుంది గానీ ఇంకెవరికీ కుదరదు. మొదట కాగితం పొట్లాల్లో కట్టి నా కొట్టులో పెట్టాం. మన తెలుగువాళ్ళు కొన్నారు. బీహారీలు, బెంగాలీలు ముట్టుకోలేదు. మసాలా ఆడించే గిర్ని మిషను ఒకటి అప్పు మీద తెచ్చాం. మిషను తెచ్చాక పొట్లాలు ఊరంతా పోవాలి, లేకపోతే అప్ప ఏ ఇంట్లోనో అంట్లు తోమాలి. మా ముందున్న సంగతి అదీ.

అప్పుడు ప్రకటనల మనిషి తగిలాడు. ఫ్లెక్సీలు కొట్టించడం, గోడల మీద రాయించడం, ఆటోలకి మైకులు కట్టించడం అతని వ్యాపారం. హిందీలో మాట్లాడతాడు, నన్ను దీదీ అంటాడు. మొదటి రోజునే అతను అడిగిన ధరకి పెద్దగా గీచి గీచి బేరమాడకుండా ఒప్పేసుకున్నాను. బయటకి వస్తుంటే నవ్వాడు.

"దీదీ, మీ గురించి బజారంతా చెబుతారు. నా దగ్గర ఎందుకు బేరం ఆడలేదు?"

"మీరు నమ్మకమైన మనిషిలా కనబడ్డారు."

"నన్ను ఇంతకు ముందు చూశారా?"

"లేదు."

"రోజూ చూస్తారు. పొద్దున సువర్ణరేఖ నది బ్రిడ్జి మీద నుంచి వచ్చే షేర్ ఆటోలో మీ ఎదుటి సీట్లో కూర్చుంటాను. చాలా నెలలుగా. ఎప్పుడూ ఒక్క మాట మాట్లాడుకోలేదు. నేను మంచివాడినో చెడ్డవాడినో మీకు తెలీదు. నా ముఖం వల్ల మీకు ఏ కీడూ జరగలేదని మాత్రం మీ లోపలికి తెలుసు. దాన్నే మీరు నమ్మకం అంటున్నారు. నా వ్యాపారమంతా ఇదే."

నాకు ఒళ్ళు మండింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ బేరమాడదామనుకున్నాను. కానీ అతని మాట మా నాన్న సబ్బు సంగతే. మా నాన్న నోరు విప్పి చెప్పనిది ఇతను వివరంగా చెబుతున్నాడు. చదువుకున్నాడు కాబోలు, దాని మీద పరీక్షలు కూడా జరిగాయన్నాడు. అర్థం కాని గీతలు, రాతలు, ముఖాలు మనుషులకి కళ్ళు మూసి తెరిచేంతలో చూపించి, తరవాత ఏది నచ్చిందని అడిగితే, ఎక్కువసార్లు చూసిందే నచ్చిందంటారట. అది ముందు చూశామన్న సంగతే గుర్తులేని వాళ్ళు కూడా. "ఎందుకు నచ్చిందని అడిగితే ఏదో ఒక కారణం అల్లి చెబుతారు దీదీ. మీ మసాలా కొన్నవాళ్ళు రుచి బాగుందంటారు. మీరు నమ్మకండి."

పొట్లం మీద అప్ప ఫోటో వెయ్యాలన్నాడు. మనిషి ముఖం మనిషి కంట్లో తొందరగా పడుతుందట. ఫోటో తీయించాం. అప్ప దాన్ని చూసి పక్కన పెట్టేసింది.

"ఇది నాను కాదే. మూతి వంకర. బొట్టు కూడా పక్కకుంది."

"నువ్వేనే. నాకేం తేడా కనబడట్లేదు."

"నీకేటి తెలుస్తాది, నా ముఖం నాను రోజూ చూసుకుంతాను."

ప్రకటనల మనిషి కంప్యూటర్లో ఫోటోని ఎడమని కుడిగా తిప్పి చూపించాడు. అప్ప ముఖం విచ్చుకుంది. "ఆ, ఇది బాగుంది. ఇది నాను." ఇప్పుడు నాకు చూడబుద్ధి కాలేదు. చెంప మీద పుట్టుమచ్చ అటుపక్కకి పోయింది, ఎవరో అప్ప పోలికలున్న మనిషిలా ఉంది. అతను అన్నాడు: "ఆవిడ రోజూ చూసుకునేది అద్దంలో. అద్దం తిప్పి చూపిస్తుంది. మీరంతా చూసేది అసలు ముఖం. ఎవరికి ఏది అలవాటో వాళ్ళకి అదే అందం. కొనేది మీరు కాదు, ఆవిడా కాదు, ఊరు. ఊరు చూసే ముఖమే వేద్దాం." అప్ప ఒప్పుకుంది గానీ ఆ పొట్లాన్ని ఎప్పుడూ ఇష్టంగా చేత్తో పట్టుకోలేదు. తన ముఖాన్ని కింద పెట్టి పేర్చేది.

పాట సంగతీ అంతే. పొట్లానికి అప్ప పేరే పెట్టాం గనక ఆ పేరుని నాలుగు ముక్కల హిందీ పల్లవిలో ఇరికించి, కీబోర్డు వాయించే కుర్రాడొకడు కట్టాడు. మొదటిసారి విన్నప్పుడు ఏమీ అనిపించలేదు. రికార్డింగు గదిలో సాయంత్రం దాకా కూర్చునేసరికి ఇంత మంచి పాట ఈ ఊళ్ళో పుట్టలేదనిపించింది. "మీరిప్పుడు తీర్పు చెప్పడానికి పనికిరారు దీదీ," అన్నాడతను. "మీ చెవులు చెడిపోయాయి. పాట ఎంత తేలిగ్గా ఉంటే అంత తొందరగా ఎక్కుతుంది, అంత తొందరగా మొహం మొత్తుతుంది. ఒక వారం తిప్పండి, ఒక వారం ఆపండి. తిప్పినప్పుడు కూడా ఒక వీధికి ఒక్కసారే. జనం మీద పడకూడదు, పక్కనుంచి వెళ్ళిపోవాలి."

నేను తలూపాను. డబ్బిచ్చి కొన్నదాన్ని వారం పాటు మూలన పెట్టడమేమిటని లోపల అనుకున్నాను. ఒక పావు మసాలా వాసన వస్తే రెండు పావుల మసాలా రెండింతలు వాసన రాదా? కొట్టు లెక్క నాది.

ఆటో అతను మా వైపు మనిషే. భుయ్యాడీహ్‌లో ఉంటాడు. నన్ను ఎగతాళికి సేఠానీ అనేవాడు. ఇంటికి పోయేటప్పుడు మైకు ఆపకూడదన్నాను.

"అది మన రూట్లో లేదు గదా సేఠానీ."

"నువ్వెలాగూ వెళ్తావు. ఆటో ఎలాగూ వెళ్తాది. మైకు ఊరికే కూచుంటే దానికేం పుణ్యం?"

"ఆపేత్తే మీకెలగ తెలుత్తాది?"

"ఫోను చేస్తాను. వెనకాల పాట వినబడాలి."

అతను తల గోక్కుని సరేనన్నాడు. నేను నిజంగానే ఫోను చేసేదాన్ని. అన్నం తింటూ చేసేదాన్ని.

మాంగోలో పాట పని చేసింది. ఆటో పోతుంటే ఎవరూ తలెత్తి చూసేవారు కాదు, అదే దాని బలం. కొన్ని వారాలకి దుకాణాల్లో అప్ప పొట్లం అడగడం మొదలుపెట్టారు. నా కొట్టుకే ఒక బెంగాలీ ఆవిడ వచ్చి ఆ మసాలా ఇవ్వమంది. ఇంతకు ముందు వాడారా అంటే లేదు, అయినా రుచి బాగుంటుందంది. నాకు నవ్వొచ్చింది, గంభీరంగా ఇచ్చాను.

అప్పకి ఇంకోలా జరిగింది. బస్సెక్కితే తెలియని ఆడవాళ్ళు జరిగి చోటిచ్చేవాళ్ళు. పళ్ళమ్మే మనిషి తూకంలో మొగ్గు చూపేవాడు. "మీరు మా పక్కింట్లో ఉండేవారా?" అని ఒకావిడ, "మా పిన్ని పోలిక" అని ఇంకొకావిడ. గోడల మీద, ఆటోల వెనక, దుకాణాల్లో వేలాడే పొట్లాల దండల్లో రోజూ చూస్తున్న ముఖమని చాలామందికి తట్టేది కాదు. ఏదో దగ్గరితనం తగిలేది, దానికి వాళ్ళే ఓ చుట్టరికం కల్పించుకునేవారు. బావ పోయాక జనంలోకి రావడం మానేసిన మనిషి అప్ప. మళ్ళీ నవ్వడం చూశాను. ఇదంతా పొట్లం పుణ్యమని నేను చెప్పలేదు. ఊరు మంచిదని అనుకోనిచ్చాను.

ఆపమన్న వారం నేను ఆపలేదు. ఆ తరవాతి వారం కూడా. అమ్మకాలు పెరుగుతుంటే ఎవరు ఆపుతారు? కొంతకాలానికి పిల్లలు పల్లవికి బూతు చరణమొకటి కట్టుకున్నారు. టీ కొట్టతను ఆటో రావడం చూసి రేడియో గొంతు పెంచేవాడు. పొట్లాల గిరాకీ కూడా కాస్త మందగించింది. నేను దాన్ని వానల ఖాతాలో రాసుకున్నాను.

ఆటో అతను ఓ రోజు డబ్బులు తీసుకుంటూ నసిగాడు.

"భుయ్యాడీహ్‌లో ఒద్దు సేఠానీ. మా లైను ఇళ్ళలో సగం మంది సి షిఫ్టు. రేతిరంతా పని చేసొచ్చి ఆ ఏలకి పడుకుంతారు. మొదటి రోజు నుంచీ తిడతన్నారు."

"తిడుతున్నారంటే విన్నట్టే కదా?"

"వింటన్నారు. ఇని తిడతన్నారు."

"కొన్నాళ్ళు పోనీ. అలవాటు పడతారు. మొదట్లో ఏ పాటయినా అంతే."

మా నాన్న సబ్బు ఎవరి నిద్రా చెడగొట్టలేదన్న సంగతి నాకు తట్టలేదు. తట్టినా ఊరికే వచ్చిన పేటని వదులుకుంటానా?

ఒక మధ్యాహ్నం నేను ఫోను చేస్తే అతను ఎత్తాడు, వెనకాల పాట వినబడింది. నేను తృప్తిగా పెట్టేశాను. ఆ సాయంత్రం అతను కొట్టుకి వచ్చాడు. ఆటో మీద ఒక మైకే ఉంది. రెండోది నలిగిపోయి సీటు మీద పడుంది. నన్ను సేఠానీ అనలేదు.

"మా లైన్లో ముసలమ్మ పొద్దున పోయింది. శవాన్ని ఎత్తుతున్నారు. నాను మూల తిరిగేసరికి ఎదురు పడ్డారు. ఆపుదామని చెయ్యి పెట్టాను, మీ ఫోనొచ్చింది."

"ఫోను ఎత్తకపోవలసింది."

"మీరే గదా ఎత్తమన్నారు."

పాడె పట్టుకున్న కొడుకు దాన్ని పక్కవాడి భుజానికిచ్చి వచ్చాడట. ఇనప ఊచతో మైకుని కొట్టాడట. అతన్ని కొట్టలేదు. "నా వైపే సూడలేదు. మైకునే కొడతన్నాడు. ఎవరూ ఆపలేదు" అన్నాడు ఆటో అతను.

నేను మైకు ఖరీదు ఎవరు పెట్టుకోవాలా అని ఆలోచించాను. నిజం చెప్పాలి గదా, మొదట అదే ఆలోచించాను.

అప్పకి తెలిసింది. పదో రోజు వెళ్ళాక మనం ఆ ఇంటికి వెళ్ళాలి అంది. బ్రిడ్జి దాటి భుయ్యాడీహ్ చేరేసరికి పొద్దు వాలుతోంది. ఆటో అతను ఇల్లు దూరం నుంచి చూపించి తను రాలేదు. కోడలు వాకిట్లో గిన్నెలు బోర్లిస్తోంది. అప్పని చూడగానే ఆవిడ ముఖంలోకి చనువొచ్చింది. లేచి కుర్చీ తుడిచింది.

"రండి, రండి. కూకోండి. అత్తమ్మ తరపోళ్ళా? మిమ్మల్నెక్కడో చూశాను. పెళ్ళిలో అనుకుంతాను."

అప్ప కూర్చోలేదు. "పెళ్ళిలో కాదమ్మా," అంది. "పొట్లం మీద."

చనువు పోవడం నేను చూశాను. ఒక్కసారిగా పోలేదు. ఆ ముఖం ఎక్కడిదో వెతుక్కుంటూ, దొరికాక, తుడిచిన కుర్చీ వైపు చూసింది. తరవాత కుర్చీని తన వైపుకి లాక్కుంది.

"ఎందుకొచ్చావు?"

"చెప్పుకుందామని. ఆ రోజు అలగ జరిగినందుకు."

"ఆ రోజా? ఆ రోజేటి అమ్మా, అప్పటికి అంతా అయిపోయింది." ఆవిడ గొంతు పెంచలేదు. లోపల ముసలమ్మ కొడుకు ఉన్నాడు, అతనికి వినబడకూడదని కాబోలు. "మా అత్తమ్మకి మతి పోయి చాలా కాలం. ఎవరినీ ఎరగదు. నన్ను పనిమనిషనుకునేది. ఈయన్ని ఎవరో బాబు అనేది. రోజూ ఆ ఏలకి మీ పాట ఒచ్చేది. ఈయన దిండు నెత్తిన పెట్టుకునేవాడు. అత్తమ్మ మాత్రం కాలు ఊపేది. నిన్న ఇన్నదని ఆవిడికి తెలీదు, మళ్ళీ కొత్తే. అయినా రాగం నోట్లోకి ఒచ్చీసింది."

అప్ప చీర చెంగు నోటికి పెట్టుకుంది.

"ఆఖరి రెండు రోజులూ ఈయన డ్యూటీ మానీసి మంచం పట్టె పట్టుకుని కూకున్నాడు. అమ్మా నానెవర్నే, ఒక్కసారి పిలు, అని అడగతానే ఉన్నాడు. పొద్దున కళ్ళు తెరిచింది. ఈయన్ని తిన్నగా చూసింది. నీ పేరు చెప్పింది. రాగంతో చెప్పింది. ఇంక మరి మాట్లాళ్ళేదు."

లోపలి నుంచి మంచం కిర్రుమంది. కోడలు అటు చూసి, "ఎల్లిపోండి. ఆయన లెగుస్తున్నాడు" అంది.

తిరిగి వచ్చేటప్పుడు అప్ప షేర్ ఆటోలో వెనక్కి ఒదిగి కూర్చుంది. ఎదుటి సీట్లో ఒకావిడ అప్పని చూసి పలకరింపుగా నవ్వింది. అప్ప తల తిప్పుకుంది. సువర్ణరేఖ మీదకి వచ్చాక అంది:

"ఆ పాట ఆపీ. రేపు కాదు, ఇప్పుడే ఫోను చెయ్యి."

చేశాను.

ప్రకటనల మనిషి దగ్గరికి వెళ్ళి దీన్నెలా సరిచేస్తావని అడిగాను. అతను బాధపడ్డాడు గానీ ఆశ్చర్యపోలేదు. "మంచీ చెడూ అనిపించని వస్తువునైతే పదే పదే చూపించి ఇష్టం చెయ్యొచ్చు దీదీ. మొదటిసారే కంపరం పుట్టినదాన్ని పదే పదే చూపిస్తే ఆ కంపరమే పెరుగుతుంది. నిద్రలో లేపిన పాటని మీరు రోజూ నిద్రలో లేపి వినిపించారు. ఆ ముసలావిడకి నిద్రా మెలకువా తేడా లేదు గనక ఆవిడకి నచ్చింది." మనం అనుకున్న రూట్లో భుయ్యాడీహ్ లేదు గదా, అక్కడికెలా వెళ్ళిందని అడిగాడు. నేను కొసరు సంగతి చెప్పలేదు. ఆటో అతని ఇల్లు అటే అన్నాను.

భుయ్యాడీహ్ గోడల మీద అప్ప ముఖానికి తారు పూశారు. ఎవరో నాకు చెబితే నేను నమ్మలేదు, వెళ్ళి చూశాను. అన్ని గోడల మీదా పూశారు. మాంగోలోనూ మన తెలుగువాళ్ళలో సగం మందికి భుయ్యాడీహ్‌లో చుట్టాలున్నారు. మాట నది దాటి వచ్చింది. కొట్టుకొచ్చిన ఆడవాళ్ళు పొట్లం చేతిలోకి తీసుకుని, అప్ప ముఖం చూసి, పెట్టేసేవారు. "తల్లి నోట కొడుకు పేరు రానీలేదంట" అని ఒకావిడ నా ఎదురుగానే అంది. నేను ఆవిడకి ఉప్పు తూచి ఇచ్చాను. కొసరు కూడా వేశాను.

అప్పకి బస్సులో చోటివ్వడం ఆగలేదు. కానీ ఇప్పుడు చోటిచ్చేవాళ్ళు పోల్చుకున్నాక మళ్ళీ జరిగేవాళ్ళు. అప్ప మూతికి మాస్కు కట్టుకోవడం మొదలుపెట్టింది. దుమ్మనేది. గిర్ని మిషను మీద గోనెపట్టా కప్పేసింది. వాయిదా కట్టవలసిన మిషను. ధనియాలు వేయించమంటే, "నా పేరు ఇంకో ఇంట్లోకి పంపను" అంది. నేను తిట్టాను, బతిమాలాను, పేరు మారుద్దామన్నాను. "ముఖం?" అంది.

వానలు తగ్గాక గమ్హరియా నుంచి ఒక మసాలా మిల్లు యజమాని వచ్చాడు. పొట్లం పేరు, ఫోటో, పాట, మూడూ కలిపి కొంటానన్నాడు. మసాలా వద్దు, అతని దగ్గర ఉంది. భుయ్యాడీహ్ గొడవ తెలుసా అని అడిగాను. దాచితే తరవాత ధర కోస్తాడని ముందే చెప్పాను.

"తెలుసు. ఆరు నెలలు ఏమీ మోగించను. గోడలు సున్నం కొట్టిస్తాను. తరవాత మెల్లగా తెస్తాను. గొడవ ఎవరిదో ఏమిటో మరిచిపోతారు. ముఖం మాత్రం ఎక్కడో చూసినట్టే ఉంటుంది."

నేను ప్రాణం పెట్టి బేరమాడాను. మంచి ధర రాబట్టాను. అప్పని అడిగితే, "నీ ఇష్టం. నాకు చూపించకు" అంది. సంతకం పెట్టేటప్పుడు కాగితం మీద అచ్చేసిన తన ఫోటో మీద అరచెయ్యి పెట్టి కప్పుకుని పెట్టింది.

అతను చెప్పినట్టే జరిగింది. ఆరు నెలలు పోయాక పొట్లాలు వచ్చాయి. పాట వారం మోగి, వారం ఆగుతుంది. భుయ్యాడీహ్‌లో మధ్యాహ్నం మోగదు. ఆ యజమాని నాకంటే తెలివైనవాడు. ఒక పొట్లం విప్పి నోట్లో వేసుకున్నాను. ధనియాల పొట్టు, ఎక్కువ ఉప్పు, రంగు. అప్ప వేయింపు దరిదాపుల్లో లేదు. ఆ బెంగాలీ ఆవిడ మళ్ళీ కొనుక్కుపోయి, మరుసటి వారం వచ్చి, "అదే రుచి, మధ్యలో ఎందుకు ఆపేశారు?" అని అడిగింది. నేను ఇంకో పొట్లం తీసి ఇచ్చాను.

అప్ప ఇప్పుడు గమ్హరియాలో ఒక క్యాంటీన్‌లో వంట చేస్తుంది. లోపలి పని, ఎవరి కంటా పడనక్కరలేదని ఒప్పుకుంది. ఆ క్యాంటీన్‌కి సరుకులు పంపేవాడు ఈ పొట్లాలే పంపుతాడు. పెద్ద సంచీలు, మీద అప్ప ముఖం. అప్ప వాటిని కత్తెరతో అడ్డంగా కోసి డబ్బాలో పోసి, సంచీని వెంటనే పొయ్యిలో పడేస్తుందని తోటి మనిషి చెప్పింది. నాతో అప్ప ఆ మాట చెప్పలేదు. నాతో ఇప్పుడు ఉల్లిపాయల ధర తప్ప వేరే మాట్లాడదు.

లెక్క తేల్చి చెబుతాను. అప్ప వైపు: మిషను అప్పు తీరింది, మిగిలిన దానితో ఇంటి కప్పు బాగుచేయించుకుంది. పోయినవి: సొంత పని, సొంత పేరు, మాస్కు లేకుండా బస్సెక్కడం, చెల్లెలు. ఆటో అతని వైపు: ఒక మైకు. దాని డబ్బు నేను సగమే ఇచ్చాను, మిగతా సగం అతను ఇంతవరకూ అడగలేదు, నేను ఇవ్వలేదు. భుయ్యాడీహ్ ఇంటి వైపు రాయడానికి నా దగ్గర ఏ కొలతా లేదు, వాళ్ళు అడగలేదు, అడిగినా నేను ఇవ్వగలిగింది ఏదీ లేదు. మిల్లు యజమాని లాభంలో ఉన్నాడు. ఇక నా వైపు. ఆ పొట్లాలు నా కొట్టులోనే ఎక్కువ అమ్ముడుపోతాయి. తక్కెడ వెనక, చూపు పడే చోటే పెట్టాను. పొట్లానికి నా కమీషన్ పాత రోజుల కంటే ఎక్కువ, అది కూడా నేను బేరమాడి పెంచుకున్నదే. అన్నీ కూడి, తీసి, మళ్ళీ కూడి చూశాను. డబ్బు వరకు చూస్తే ఇప్పటికీ లాభం తింటున్నది మిల్లువాడూ నేనూ, ఇద్దరమే.